తిరిగిన ప్రతి చుట్టూ ఒక వ్యూ

స్టవ్ మీద మూకుడు, ఉప్పు డబ్బాకి ఆనించిన ఫోను. అందులో 20 సెకన్ల గోంగూర పచ్చడి షార్ట్ నడుస్తోంది. పోపులో ఏమేం వేశారో ఒకసారి చూస్తే అందలేదు. చేతులు నూనెగా ఉన్నాయి, ఫోను ముట్టుకునే వీల్లేదు. ముట్టుకోనక్కర్లేదు కూడా. వీడియో అయిపోగానే తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. అలా నాలుగుసార్లు తిరిగింది. చూసిన మనిషి ఒక్కరే, యూట్యూబ్ లెక్కలో వ్యూస్ మాత్రం నాలుగు.

అదే పచ్చడి మీద 10 నిమిషాల పెద్ద వీడియో పెట్టుకుని చివరిదాకా చూసి ఉంటే? ఒక్కటే వ్యూ.

షార్ట్స్‌కి ఈ లెక్క మొదటినుంచీ లేదు. 2020 సెప్టెంబరులో షార్ట్స్‌ని యూట్యూబ్ ప్రయోగాత్మకంగా తొలుత తెచ్చింది మన దేశంలోనే. అప్పట్లో కొన్ని సెకన్లైనా చూస్తేనే వ్యూ పడేది. 2025 మార్చి 31 నుంచి పద్ధతి మారింది. షార్ట్ ఆడటం మొదలైతే చాలు, మళ్లీ మొదలైనా చాలు, ఒక వ్యూ. ఇంతసేపు చూడాలన్న షరతు లేదు. పాత లెక్కను తీసేయలేదు. ‘ఎంగేజ్డ్ వ్యూస్’ అని పేరు మార్చి, ఛానెల్ నడిపేవారికి యూట్యూబ్ స్టూడియోలో చూపిస్తున్నారు.

పెద్ద వీడియోకి తూకం వేరు. చూసేవారు కావాలని పెట్టుకుని, నిజంగా చూశారా అన్నదే అక్కడ ముఖ్యం. పేజీని పదేపదే రిఫ్రెష్ చేసి అంకె పెంచబోతే ఆ వ్యూస్‌ని పక్కన పెట్టేస్తారు. ‘30 సెకన్లు చూస్తేనే వ్యూ’ అనే మాట చాలామంది నోట వింటాం. స్కిప్ చేయగలిగే ప్రకటనలకు ఉన్న నియమం అది. మామూలు వీడియోలకు ఇన్ని సెకన్లని యూట్యూబ్ ప్రకటించలేదు.

తేడా ఎంత వస్తుందో ఒక ఊహా లెక్కలో చూద్దాం. పచ్చడి షార్ట్ 1,000 ఫోన్లలో తెర మీదికి వచ్చిందనుకోండి. 400 మంది కనబడీ కనబడగానే పైకి తోసేశారు. 600 మంది ఆగి చూశారు, వాళ్లలో 200 మంది రెండో చుట్టూ చూశారు. బయటికి కనిపించే అంకె 1,200. ఆగి చూసినవాళ్లు అందులో సగమే. పక్కనే ఉన్న పెద్ద వీడియోకి 600 వ్యూస్ ఉంటే, షార్ట్‌ని రెండింతల మంది చూశారని అనుకుంటాం. అక్కడే పప్పులో కాలేస్తాం.

డబ్బు విషయంలో యూట్యూబ్ ఈ పెద్ద అంకెను పట్టించుకోదు. షార్ట్స్ దారిలో ప్రకటనల ఆదాయంలో వాటా కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో కోటి వ్యూస్ ఉండాలి. ఆ కోటిని ఎంగేజ్డ్ వ్యూస్‌తోనే లెక్కిస్తారు. పెద్ద వీడియోల దారిలో అడిగే 4,000 గంటల్లో షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం కలవదు.

ఇక అంకె ఎప్పుడు మారుతుంది? ఆటో మీటరులా క్షణక్షణం కదలదు. వచ్చిన వ్యూస్ అసలువా, నకిలీవా అని జల్లెడ పట్టాక కలుపుతారు. 2015 వరకూ కొత్త వీడియోల కింద అంకె తరచూ 301 దగ్గర ఆగిపోయేది ఇందుకే. ఇప్పుడు ఆ 301 లేదు, జల్లెడ మాత్రం ఉంది. అందుకే అంకె కొన్ని గంటలు కదలకపోవచ్చు. పనికిరాని వ్యూస్ తీసేస్తే తగ్గనూ వచ్చు. స్టూడియోలో ‘రియల్‌టైమ్’ కింద కనిపించే గత 48 గంటల లెక్క ఒక అంచనా. అది వీడియో కింది అంకెతో సరిపోకపోయినంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు. రోజువారీ వివరాలు తేలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఇంకో చిక్కుంది. ఆ రోజువారీ పట్టికలో రోజు మారేది అమెరికా పసిఫిక్ తీరపు అర్ధరాత్రికి. మనకది మధ్యాహ్నం 12.30, అక్కడి చలికాలంలో అయితే 1.30. శనివారం ఉదయం 10 గంటలకు పెట్టిన షార్ట్‌కి మధ్యాహ్నం లోపు వచ్చిన వ్యూస్ శుక్రవారం గడిలో పడతాయి. శనివారం గడి చూసి ‘పొద్దున వచ్చినవన్నీ ఏమయ్యాయి?’ అని కంగారు పడేవాళ్లు ఒక గడి వెనక్కి వెళ్తే చాలు, అక్కడ ఉంటాయి.