బ్యాండ్లు బిగుసుకున్నప్పుడు

2018 అక్టోబరులో బిట్‌కాయిన్ ధర చాలా రోజులు 6,400 డాలర్ల చుట్టూనే తిరిగింది. ఒక్కరోజులో వందల డాలర్లు ఎగిరిపడే అలవాటున్నదానికి అంత నిలకడ వింతే. రోజువారీ చార్టు మీద బోలింగర్ బ్యాండ్లు పెడితే పై గీతా కింది గీతా దగ్గరకు జరిగి సన్నని పట్టీలా కనిపించేవి. ట్రేడర్లు స్క్వీజ్ అనేది దీన్నే.

ఈ బ్యాండ్లను 1980ల మొదట్లో రూపొందించింది అమెరికన్ విశ్లేషకుడు జాన్ బోలింగర్. గత 20 రోజుల ముగింపు ధరల సగటే మధ్య గీత. ఆ ధరలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్‌ను రెండింతలు చేసి సగటుకు కలిపితే పై గీత, తీసేస్తే కింది గీత. ధరలు ఒకచోటే మసలుతుంటే రెండు గీతలూ దగ్గరపడతాయి.

అయితే కంటిని నమ్మకూడదు. స్క్రీన్ మీద చార్టును సాగదీస్తే బిగుసుకున్న బ్యాండ్లు కూడా వెడల్పుగా కనిపిస్తాయి. అందుకే బ్యాండ్‌విడ్త్ లెక్కిస్తారు. పై గీత 6,550, కింది గీత 6,250, మధ్య గీత 6,400 అనుకుందాం. తేడా 300ని 6,400తో భాగిస్తే సుమారు 4.7 శాతం. ఈ అంకె ఒక్కటే ఏమీ చెప్పదు; నెమ్మదిగా నడిచే షేరుకు అది మామూలే కావచ్చు. ఆ షేరు తన గత ఆరు నెలల్లో ఎన్నడూ లేనంత తక్కువకు వస్తేనే స్క్వీజ్ అన్నది బోలింగర్ పెట్టిన కొలత. లావాదేవీలే సరిగా జరగని షేర్లలోనూ బ్యాండ్లు సన్నబడతాయి కాబట్టి వాల్యూమ్ కూడా చూడాలి.

ధర ఇరుకులో ఉన్నంతకాలం కొన్నవాళ్ల స్టాప్‌లాస్ ఆర్డర్లు దాని కింద, ముందే అమ్మినవాళ్లవి దాని పైన పోగుపడతాయి. ధర ఒక హద్దు దాటగానే అటువైపువి వరసగా అమలై కదలికను ఇంకా పెంచుతాయి. ఏ హద్దు తెగుతుందో మాత్రం స్క్వీజ్ చెప్పదు. పైగా మొదటి కదలిక తప్పుదారి పట్టించవచ్చు. దాన్ని హెడ్ ఫేక్ అంటారు. అక్టోబరు 15న బిట్‌కాయిన్ ఒక్కసారిగా 6,700 డాలర్లు దాటింది, అదే రోజు 6,600 దగ్గరకు దిగివచ్చింది. తర్వాత మళ్లీ పాత ఇరుకే. ఆ దూకుడు చూసి కొన్నవారికి నవంబరు 14న దెబ్బ తగిలింది. ధర ఆరు వేల కిందికి పడింది. డిసెంబరు మధ్యకల్లా 3,200 దరిదాపులకు చేరింది.

అందుకే గీత దాటిన క్షణంలో కాకుండా, రోజు ముగింపు ధర గీత బయటే ఉందా, వాల్యూమ్ పెరిగిందా చూశాకే అడుగు వేయడం మేలని నా అభిప్రాయం. కొంత లాభం వదులుకోవాల్సి వస్తుంది, అయినా సరే. అప్పుడు ఎదుటి గీతను కూడా గమనించాలి. ధర బలంగా పడుతున్నప్పుడు పై గీత విచిత్రంగా పైకి లేస్తుంది, ఎందుకంటే చెదురు పెరిగింది. ఆ గీత మళ్లీ కిందికి ఒంగడం మొదలైతే ఆ విడత పతనం ఊపు తగ్గుతున్నట్టు లెక్క.