అదనపు డ్యూటీ మెమోలో ఓటీ లెక్క

ప్రైవేటు ఆసుపత్రిలో నర్సులు ఒక్కసారిగా తగ్గిపోతే, అడ్మినిస్ట్రేటర్ తాత్కాలికంగా డ్యూటీ గంటలు పెంచుతూ మెమో జారీ చేస్తారు. కొరతకు కారణం, పెంపు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏయే వార్డులకు, అదనపు సొమ్ము ఎంత, ఎప్పుడు చేతికొస్తుంది అన్నవి అందులో ఉండాలి. కారణం, వార్డులు రాయడం ఎవరికీ కష్టం కాదు. పేచీ వచ్చేది సొమ్ము దగ్గర. ‘నిబంధనల ప్రకారం ఓటీ చెల్లిస్తాం’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టిన మెమో ఏమీ చెప్పనట్టే.

ఒక వార్డులో రాత్రింబవళ్లు నలుగురు నర్సులు ఉండాలనుకుందాం. వారానికి 672 గంటల పని. ఒక్కొక్కరు 48 గంటలు చేస్తే 14 మంది కావాలి. ముగ్గురు మానేసి 11 మంది మిగిలారు. అప్పుడు ఎనిమిది గంటల మూడు షిఫ్టుల స్థానంలో పన్నెండు గంటల రెండు షిఫ్టులు పెడతారు. రోజుకు 8 చొప్పున వారానికి 56 డ్యూటీలు అవుతాయి. తలా ఐదు చేస్తే 55 నిండుతాయి, మిగిలిన ఒక్కటీ వార్డు ఇన్‌ఛార్జి చూసుకోవాలి. షిఫ్టు పొడవు పెరిగినా మొత్తం పని గంటలు తగ్గలేదు. ‘పన్నెండు గంటలైనా వారానికి నాలుగు రోజులే కదా, ఓటీ ఎందుకు?’ అని యాజమాన్యం అనే అవకాశం ఉంది. 11 మంది నాలుగేసి చేస్తే 44 డ్యూటీలే అవుతాయి, 12 ఖాళీగా ఉంటాయి. ఐదో రోజు రాక తప్పదు.

ఐదు డ్యూటీలంటే 60 గంటలు. ఇందులో ఓటీ ఎంత? వారానికి 48 దాటినవే లెక్కిస్తే 12 గంటలు. రోజుకు 8 దాటిన ప్రతి గంటా లెక్కిస్తే, రోజుకు నాలుగు చొప్పున 20 గంటలు. పని అదే, మనిషీ అదే, వారానికి ఎనిమిది గంటల తేడా! అందుకే రోజు లెక్కా, వారం లెక్కా అన్నది మెమోలోనే రాయాలి.

తర్వాతి ప్రశ్న గంట విలువ. నెలకు 26,000 రూపాయలు తీసుకునే స్టాఫ్ నర్సు జీతాన్ని 26 రోజులకు, మళ్లీ 8 గంటలకు భాగిస్తే గంటకు 125 రూపాయలు. రెట్టింపు 250. అయితే ఆ జీతంలో బేసిక్, డీఏ కలిపి 10,400 మాత్రమే, మిగతాది ఇంటి అద్దె, ప్రయాణ భత్యం అనుకుందాం. బేసిక్, డీఏలనే తీసుకుంటే గంటకు 50, రెట్టింపు 100. అంటే ‘డబుల్ ఓటీ’ అని పేరు పెట్టి, మామూలు గంటకు వచ్చే దానికన్నా తక్కువ ఇచ్చినట్టు!

ఇక్కడ కొత్త చట్టం కొంత అడ్డుపడుతుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, ఓటీకి మామూలు వేతన రేటుకు రెట్టింపు తగ్గకూడదంటుంది. ఇలాంటి భత్యాలు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలోనే కలపాలి. ఈ ఉదాహరణలో భత్యాలు 15,600. సగానికి మించిన 2,600 కలిస్తే వేతనం 13,000 అవుతుంది. గంటకు 62.50, రెట్టింపు 125. అదే రోజు అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ప్రకారం ఓటీకి ఉద్యోగి సమ్మతి కూడా కావాలి. ప్రభుత్వాసుపత్రుల రెగ్యులర్ సిబ్బందికి సర్వీసు రూల్స్ వేరు.

వారానికి 20 గంటల ఓటీకి గంటకు 125 చొప్పున 2,500 రూపాయలు. వారం లెక్కన 12 గంటలకైతే 1,500. నాలుగు వారాల మెమోలో తేడా 4,000.

సొమ్ముతో తీరనిది అలసట. అమెరికాలో నర్సులపై ఆన్ రోజర్స్ బృందం చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. పన్నెండున్నర గంటలు, అంతకు మించి పనిచేసిన షిఫ్టుల్లో పొరపాటు జరిగే అవకాశం దాదాపు మూడు రెట్లు అని అందులో తేలింది. పన్నెండు గంటల డ్యూటీకి హ్యాండోవర్ అరగంట కలిస్తే ఆ గీత దగ్గరకే వచ్చేస్తాం. కాబట్టి హ్యాండోవర్‌ను షిఫ్టు లోపలే ముగించాలని, నైట్ డ్యూటీ దిగినవారిని అదే పగలు మళ్లీ పిలవకూడదని, వీక్లీ ఆఫ్ రద్దు చేయరని మెమోలో రాయడం అవసరం. మందుల చార్టులో వదిలేసిన సంతకాలు, ఆలస్యమైన డోసులు పెరుగుతుంటే రోస్టర్ శ్రుతి మించిందని నర్సింగ్ సూపరింటెండెంట్ గ్రహించాలి.

ముగింపు తేదీ లేకుండా ‘తదుపరి ఉత్తర్వుల వరకు’ అని రాసిన మెమోను సిబ్బంది ప్రశ్నించడం న్యాయమే. పే స్లిప్‌లో ఓటీ గంటలు, రేటు విడిగా కనిపించాలి. సొమ్ము రాక లేబర్ ఆఫీసు మెట్లెక్కాల్సి వస్తే మెమో ప్రతి, రోస్టర్ ఫొటో, హాజరు రికార్డే ఆధారాలు. వాటిని మొదటి రోజు నుంచే దాచుకోవాలి.