ఒంటిపూట మీటింగుకి హాలు అడిగేటప్పుడు

విజయవాడలో ఓ మోస్తరు హోటల్‌కి ఫోన్ చేసి "వచ్చే శనివారం మీటింగుకి హాలు ఉందా అండీ, ఎంతవుతుంది?" అని అడిగితే రెండు నిమిషాల్లో జవాబు వచ్చేస్తుంది. "ఉంది సార్, వంద మంది పడతారు. ప్లేటు తొమ్మిదొందలు." ఇందులో అబద్ధం లేదు. కానీ ఈ ఒక్క మాట మీద ఆధారపడి ఊళ్ల నుంచి మనుషుల్ని పిలిపిస్తే ఇబ్బంది తప్పదు. హాలు ఏ గంట నుంచి ఏ గంట వరకు కావాలో మనం చెప్పలేదు. వచ్చినవాళ్లు ఎలా కూర్చుంటారో చెప్పలేదు. కనీసం ఎంతమందికి డబ్బు కడతామో చెప్పలేదు. కాబట్టి హోటల్ వాళ్లు తమకు అలవాటైన పెళ్లిళ్ల లెక్కలో జవాబిచ్చారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఆఫీసున్న ఓ మందుల కంపెనీ తన కోస్తా సేల్స్ టీమ్‌ను ఒక శనివారం విజయవాడలో కూర్చోబెట్టాలనుకుంది. గుంటూరు, ఏలూరు, మచిలీపట్నం, ఒంగోలు నుంచి వచ్చేవాళ్లంతా కలిపి 36 మంది. తొమ్మిదిన్నరకు మొదలై ఒంటిగంటన్నరకు ముగియాలి, తర్వాత భోజనం, సాయంత్రానికి ఎవరి ఊరు వాళ్లు చేరాలి. అందరి ముందూ ల్యాప్‌టాప్‌లుంటాయి. తెర కనిపించాలి, ఒకరి ముఖం ఒకరికి కనిపించాలి. హాలు వెతికే పని ఆఫీసులో అడ్మిన్ చూసే అమ్మాయి మీద పడింది.

ముందు తేదీ సంగతి. మన ఊళ్లలో హాలు దొరకడం, దొరక్కపోవడం పంచాంగాన్ని బట్టి ఉంటుంది. శ్రావణంలోనో మాఘంలోనో మంచి ముహూర్తం ఉన్న రోజున ఒంటిపూట మీటింగుకి హాలివ్వడం హోటల్‌కి గిట్టుబాటు కాదు. అదే ఆషాఢంలోనో మూఢం రోజుల్లోనో అడిగితే హాళ్లు ఖాళీగా ఉంటాయి, రేటు దగ్గర కూడా మాట వింటారు. మీటింగు తేదీ అటూఇటూ జరపగలిగితే రెండు మూడు తేదీలు చెప్పి అడగడం మంచిది.

ముహూర్తం రోజు హాలు దొరికినా ఒక చిక్కుంది. సాయంత్రం రిసెప్షన్ ఉంటే డెకరేషన్ వాళ్లు మధ్యాహ్నానికే పూలబుట్టలతో, నిచ్చెనలతో తలుపు దగ్గర నిలబడతారు. "ఉదయం పూట" అంటే కొన్నిచోట్ల తొమ్మిది నుంచి ఒంటిగంట వరకే. మన మీటింగు ఒంటిగంటన్నర దాకా ఉంది, ఆ తర్వాత భోజనం కూడా ఉంది. అందుకే "హాలు ఉందా" అని అడిగి ఆగిపోకూడదు. తాళం ఎన్నింటికి తీస్తారు, ఎన్నింటికల్లా ఖాళీ చేయాలి, ఆలస్యమైతే గంటకు ఎంత వేస్తారు, అదే రోజు ఆ అంతస్తులో ఇంకేం ఫంక్షన్ ఉంది? ఈ నాలుగూ అడగాలి. చివరిది చాలామందికి తట్టదు. పెద్ద హాలును మడత గోడతో రెండుగా చేసి ఇచ్చే హోటళ్లు చాలానే ఉన్నాయి. ఆ గోడకు అటువైపు మేళం మొదలైతే ఇటువైపు మైకు పట్టుకున్నా మాట వినబడదు. ఇది గోడ ఫొటో చూసినా తెలియదు, నోరు తెరిచి అడగాల్సిందే.

భోజనం ఎక్కడ పెడతారో కూడా సమయానికి ముడిపడిన ప్రశ్నే. అదే హాల్లో వెనక గోడ వారగా బఫే పెడితే పన్నెండున్నర నుంచే గిన్నెల చప్పుడు మొదలవుతుంది. నెలంతటి అమ్మకాల లెక్క చెప్పేవాడి మాట ఎవరూ వినరు. బయట వరండాలోనో పక్క గదిలోనో పెట్టించుకోవాలి.

ఇక ఎంతమంది పడతారన్నది. దీని దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. హోటల్ చెప్పిన హాలు 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, అంటే 1,200 చదరపు అడుగులు. "వంద మంది" అన్నది సినిమాహాల్లోలా బల్లలు లేకుండా కుర్చీలు వరసగా వేసిన లెక్క. మన వాళ్లకు బల్లలు కావాలి, ఒకరినొకరు చూసుకోవాలి. అందుకని అడ్మిన్ అమ్మాయి యూ ఆకారంలో బల్లలు వేయమంది. "యూ షేప్‌లో ముప్పై అయిదు వస్తాయి మేడమ్, ఇంకో కుర్చీ సర్దేస్తాం" అన్నారు బ్యాంక్వెట్ మేనేజర్.

ఆ మాట నిజమో కాదో కాగితం మీద గీసి చూస్తే తెలిసిపోతుంది. హోటల్ బల్ల మామూలుగా ఆరడుగుల పొడవు, సుమారు రెండడుగుల వెడల్పు ఉంటుంది. ల్యాప్‌టాప్, పుస్తకం పెట్టుకుని తీరుగా కూర్చోవాలంటే బల్లకు ఇద్దరు. అంటే 36 మందికి 18 బల్లలు. అడుగున నాలుగు, రెండు చేతుల్లో ఏడేసి పరిస్తే చేతి పొడవే 42 అడుగులు. హాలే 40 అడుగులు. పోనీ, మోచేతులు తగిలినా సరే, బల్లకు ముగ్గురిని కూర్చోబెడదాం. 12 బల్లలు చాలు. అడుగున రెండు, చేతుల్లో అయిదేసి వేస్తే చేతి పొడవు 30 అడుగులు. దానికి అడుగు బల్ల వెడల్పు, దాని వెనక కుర్చీలకీ మనిషి నడవడానికీ అయిదడుగులు, ముందు తెరకు ఎనిమిదడుగులు కలిపితే 45 అవుతుంది. అడుగున నాలుగు, చేతుల్లో నాలుగేసి వేస్తే పొడవు సరిపోతుంది గానీ, రెండు పక్కల కుర్చీలతో కలిపి వెడల్పు 34 దాటుతుంది. హాలు వెడల్పు 30. ఎలా తిప్పినా ఈ హాల్లో 36 మందికి యూ ఆకారం కుదరదు. ఆ రోజు పొద్దున్నే కొందరిని రెండో వరసలో, బల్ల లేకుండా గోడకు ఆనించి కూర్చోబెడతారు.

మరి హాలు మార్చాలా? అక్కర్లేదు, కూర్చునే పద్ధతి మారిస్తే చాలు. అయిదడుగుల గుండ్రటి బల్లలు పెళ్లి భోజనాలకు ప్రతి హోటల్లోనూ ఉంటాయి. వాటి చుట్టూ ఎనిమిదిమంది పడతారు. మీటింగుకైతే తెరకు వీపు పెట్టే చోట్లు వదిలేసి ఆరుగురినే కూర్చోబెట్టాలి. ఆరు బల్లలు, 36 మంది. కుర్చీలతో కలిపి ఒక్కో బల్లకు పదకొండడుగులు వదిలినా, మూడేసి చొప్పున రెండు వరసలు వేస్తే 33 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పులో సర్దుకుంటాయి. తెరను పొడుగు గోడకు పెడితే దాని ముందు ఎనిమిదడుగులు మిగులుతాయి. జిల్లాకో బల్ల ఇస్తే టీమ్ మాట్లాడుకోవడానికీ వీలు. హోటల్ వాళ్లను ఇంకో రెండు అడగాలి: హాలు మధ్యలో స్తంభాలున్నాయా? ఏదైనా మీటింగుకి బల్లలు వేసినప్పటి ఫొటో పంపగలరా? పెళ్లి అలంకరణలో తీసిన ఫొటోలో స్తంభాలు పూలచాటున దాక్కుంటాయి.

రేటు విషయంలో హోటళ్లు రెండు రకాలుగా చెబుతాయి. ఒకటి ప్లేటు లెక్క. హాలు, ఒక టీ బిస్కెట్లు, భోజనం, నీళ్లు, ప్రొజెక్టర్ అన్నీ అందులోనే. రెండోది హాలు అద్దె విడిగా, తిండి విడిగా. మన ఉదాహరణలో హోటల్ ప్లేటు 900, జీఎస్టీ 18 శాతం అదనం, మినిమం గ్యారంటీ 40 అంది. అంటే ఎంతమంది వచ్చినా 40 ప్లేట్లకు డబ్బు కట్టాలి. 36,000 మీద పన్ను కలిపితే 42,480. ఇంకోచోట ఒక కమ్యూనిటీ హాలు 15,000 అద్దె చెప్పింది. చాలా చౌక అనిపిస్తుంది. పన్నుతో 17,700. బయటి కేటరర్ టీ, భోజనం కలిపి మనిషికి 550 అంటే 36 మందికి 19,800, అయిదు శాతం పన్నుతో 20,790. ప్రొజెక్టర్, మైక్ అద్దె 3,000, పన్నుతో 3,540. అంతా కూడితే 42,030. తేడా 450 రూపాయలే, పైగా ముగ్గురితో మాట్లాడుకోవాలి.

బేరం ఎక్కడ ఆడాలో కూడా ఈ లెక్కే చెబుతుంది. చాలామంది ప్లేటు మీద యాభై తగ్గించమని పట్టుబడతారు. తగ్గించారే అనుకోండి, 40 ప్లేట్లకు పన్నుతో 40,120 అవుతుంది. అదే ప్లేటు 900 అలాగే ఉంచి గ్యారంటీని 35కి దించమంటే, 36 మందీ వచ్చినా 38,232కి అయిపోతుంది. ఒకరిద్దరు సెలవు పెడితే ఇంకా తగ్గుతుంది. హోటల్‌కి కూడా రేటు తగ్గించడం కన్నా సంఖ్య తగ్గించడమే తేలికగా ఉంటుంది, ఎందుకంటే ప్లేటు రేటు ఒకరికి తగ్గిస్తే రేపు ఇంకొకరూ అడుగుతారు. ఖాళీగా ఉండే రోజుల్లో ఈ బేరం తప్పక ఆడాలి. శనివారం కాబట్టి మాంసం తినని వాళ్లు ఎక్కువ ఉంటారు, శాకాహార ప్లేటు రేటు విడిగా అడగడం మరవకూడదు.

పన్ను దగ్గర ఇంకో సంగతి. హాలు ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రపు జీఎస్టీయే బిల్లులో పడుతుంది. హోటల్ విజయవాడలో ఉంది కాబట్టి ఆంధ్రప్రదేశ్ ఎస్‌జీఎస్టీ వేస్తారు. కంపెనీకి తెలంగాణ రిజిస్ట్రేషన్ ఒక్కటే ఉంటే ఆ పన్ను తిరిగి జమకు రాదు, ఖర్చులోనే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు ఆ నంబరు మీద రాయమని ముందే చెప్పాలి. ఈ ముక్క అకౌంట్స్ వాళ్లను అడగకుండా రేట్లు పోల్చకండి.

ఇవన్నీ తెలిశాక పంపే మెయిల్ పొడుగ్గా ఉండనక్కర్లేదు. అడ్మిన్ అమ్మాయి ఇలా రాస్తే సరిపోతుంది:

"నమస్కారం. ఫలానా శనివారం, లేదా ఆ తర్వాతి శనివారం మా టీమ్ మీటింగుకి హాలు కావాలి. 36 మంది, ఆరు గుండ్రటి బల్లలకు ఆరుగురు చొప్పున. ఎనిమిదిన్నరకు హాలు మా చేతికి రావాలి, మీటింగు 9.30 నుంచి 1.30, భోజనం హాలు బయట 2.30 వరకు. పదకొండింటికి టీ. ప్రొజెక్టర్, రెండు కార్డ్‌లెస్ మైకులు, ప్రతి బల్ల దగ్గర ప్లగ్ పాయింటు కావాలి. హాలు కొలతలు, మీటింగు ఫొటో పంపగలరు. ప్లేటు రేటు (వెజ్, నాన్‌వెజ్ విడిగా), మినిమం గ్యారంటీ 35కి, జీఎస్టీ శాతం, రద్దు చేస్తే ఎంత తిరిగిస్తారు, చివరి సంఖ్య ఎప్పటికల్లా చెప్పాలి, ఇవి రాయగలరు. ఆ రోజు అదే అంతస్తులో వేరే ఫంక్షన్ ఉంటే తెలియజేయగలరు."

జవాబు ఫోన్‌లో వస్తే "దయచేసి ఇదే మెయిల్‌కి రాసి పంపండి అండీ" అనాలి. ఫోన్‌లో మాట ఇచ్చిన సేల్స్ మనిషి ఆ శనివారం డ్యూటీలో ఉండకపోవచ్చు. పొద్దున్నే బల్లలు వేసే కుర్రాళ్లకు అందేది లోపలి ఆర్డరు కాగితమే. మెయిల్లో ఉన్నది దాని మీదికి ఎక్కుతుంది, ఫోన్‌లో అన్నది ఎక్కదు.

చివరగా ఒక మాట. "మీ పేరు మీద పెట్టేశాం సార్" అంటే హాలు బుక్ అయినట్టు కాదు. అది టెంటెటివ్, అంటే తాత్కాలికంగా రాసుకున్నది మాత్రమే. గడువులోగా అడ్వాన్స్ కట్టకపోతే ఆ తేదీ ఇంకొకరికి ఇచ్చేస్తారు, పెళ్లివాళ్లు వస్తే మరీ త్వరగా ఇచ్చేస్తారు. ఆ గడువు ఏ రోజు ఎన్ని గంటల వరకో మెయిల్లో రాయించుకుని, ఆలోగా అడ్వాన్స్ కట్టి, రసీదు చేతికొచ్చాకే టీమ్‌కి తేదీ చెప్పండి.