గతాన్ని గెలిచిన బంగారు సూత్రం

బంగారం ఎప్పుడు కొనాలి, ఎప్పుడు అమ్మాలి అని చెప్పే సూత్రాల్లో బాగా సాదా అయినది ఒకటుంది. గడిచిన 200 ట్రేడింగ్ రోజుల ముగింపు ధరల సగటు తీస్తారు. ఇవాళ్టి ధర ఆ సగటుకు పైన ఉంటే బంగారం ఉంచుకుంటారు, కిందికి దిగితే అమ్మేస్తారు. ఈ సూత్రాన్ని పాత ధరల మీద నడిపి, అప్పట్లో పాటించి ఉంటే ఎంత మిగిలేదో లెక్క చూడటాన్నే బ్యాక్‌టెస్ట్ అంటారు. ముగింపు ధర సాయంత్రానికి గానీ తెలియదు కాబట్టి కొన్నదీ అమ్మిందీ మర్నాటి ధరకే అని లెక్క రాయాలి. ఈ ఒక్క చోట అజాగ్రత్తగా ఉన్నా లాభం అబద్ధంగా పెరిగిపోతుంది.

ఏ కాలం మీద పరీక్షించామన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2001లో ఔన్సు 255 డాలర్ల దగ్గరున్న బంగారం 2011 సెప్టెంబరుకు 1,900 డాలర్లను తాకింది. ఏడు రెట్లకు పైగా పెరిగిన ఆ పదేళ్లలో బంగారాన్ని ఎక్కువ కాలం చేతిలో ఉంచిన ఏ సూత్రమైనా లాభమే చూపిస్తుంది. అందుకే సూత్రం తెచ్చిన లాభాన్ని, ఏమీ చేయకుండా కొని ఊరుకున్నవాడి లాభంతో పోల్చి చూడాలి.

ఈ సూత్రంలో అసలు బలం లేదని కాదు. 2013 ఏప్రిల్‌లో రెండే ట్రేడింగ్ రోజుల్లో బంగారం సుమారు 200 డాలర్లు పడిపోయింది. ధర అంతకుముందే 200 రోజుల సగటు కిందికి జారింది కనుక సూత్రాన్ని పాటించినవాడు ఆ దెబ్బ తప్పించుకునేవాడు. అయితే 2014 నుంచి 2018 దాకా ధర చాలావరకు 1,050 నుంచి 1,380 డాలర్ల మధ్యే తిరిగింది. అలాంటి రోజుల్లో ధర సగటును పైకీ కిందికీ దాటుతూ ఉంటుంది. కొనగానే పడుతుంది, అమ్మగానే లేస్తుంది. పైగా మన దగ్గర బంగారు నాణెమో బిస్కెట్టో కొంటే ప్రతిసారీ 3 శాతం జీఎస్టీ. ఏడాదిలో నాలుగుసార్లు కొంటే, లాభం మాట ఎలా ఉన్నా, 12 శాతం దాకా పన్నుకే పోతుంది.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఫలితం నచ్చకపోతే 200కు బదులు 150 పెట్టి చూడాలనిపిస్తుంది. తర్వాత ఒక సగటు బదులు రెండు పెట్టి, చిన్న సగటు పెద్ద సగటును దాటినప్పుడు కొందామనిపిస్తుంది. చిన్నదానికి 10 రకాల రోజులు, పెద్దదానికి 20 రకాలు తీసుకుంటే 200 జతలు తయారవుతాయి. కంప్యూటర్ వాటన్నిటినీ క్షణాల్లో నడిపి, అత్యధిక లాభమిచ్చిన జతను పైన పెడుతుంది. ఆ ఒక్క గ్రాఫే జనానికి చేరుతుంది, మిగతా 199 కనబడవు.

200 మంది తలా 20 సార్లు నాణెం ఎగరేశారనుకుందాం. బొమ్మ పడుతుందని చెప్పి 16 సార్లో అంతకంటే ఎక్కువసార్లో గెలిచినవాడు వాళ్లలో కనీసం ఒక్కడైనా ఉండే అవకాశం నూటికి 70 దాకా ఉంటుంది. అతనికి నాణెం గురించి తెలిసింది ఏమీ లేదు. ఆ 200 జతలు ఒకదానికొకటి కాస్త పోలికగా ఉంటాయి కాబట్టి అదృష్టం పాలు ఇంతకంటే కొంత తగ్గవచ్చు గానీ, పోదు. గెలిచిన జత 2013 పతనానికి రెండు రోజుల ముందు అమ్మమని చెప్పిందంటే, ఆ తేదీలకు సరిపోయే అంకెల్ని మనమే ఏరుకున్నామన్నమాట. దీన్నే ఓవర్‌ఫిటింగ్ అంటారు. బెయిలీ, బోర్వైన్, లోపెజ్ డి ప్రాడో, జూ అనే నలుగురు 2014లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో దీనికి లెక్క కట్టారు. చేతిలో అయిదేళ్ల ధరలే ఉంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేని 45 రకాలకు మించి పరీక్షించకూడదన్నారు. మించితే ఏ సత్తా లేని సూత్రం కూడా గొప్పదిగా కనబడటం దాదాపు ఖాయమట.

పసిగట్టడానికి ఒక తేలిక మార్గం పక్క అంకెలను చూడటం. 23 రోజుల సగటు మంచి లాభమిచ్చి, 21, 25 నష్టమిస్తే ఆ 23ని నమ్మడానికి ఆధారం లేదు. 180 నుంచి 220 దాకా ఏది పెట్టినా ఫలితం ఒకేలా ఉంటే కొంత నమ్మవచ్చు. మరో మార్గం, 2011 వరకే చూసి అంకెను ఎంచుకుని, 2012 తర్వాతి ధరల మీద పరీక్షించడం. ఈ రెండో పరీక్ష ఒక్కసారికే పనికొస్తుంది. ఫలితం చూసి అంకె మార్చి మళ్లీ నడిపితే, ఆ తర్వాతి ఏళ్లు కూడా ఎంపికలో భాగమైపోతాయి.

ఇక మిగిలింది సూత్రాన్ని తేదీ వేసి రాసిపెట్టి, ముట్టుకోకుండా, కొత్తగా వచ్చే ధరల మీద కాగితం మీదే నడపడం. దీనికి ఓపిక కావాలి. ఏడాదికి రెండు మూడు సార్లే కొనమనో అమ్మమనో చెప్పే సూత్రానికి 20 నిర్ణయాలు పోగవడానికే ఏడెనిమిదేళ్లు పడుతుంది.