రుణమాఫీ జీవో ఇంగ్లీషు పట్టికలోకి ఎక్కేటప్పుడు

పంట రుణమాఫీ మార్గదర్శకాలను తెలంగాణ వ్యవసాయ శాఖ 2024 జులై 15న తెలుగులోనే విడుదల చేసింది. అది జీవో ఆర్‌టీ నెంబరు 567. ఇలాంటి జీవో వచ్చిన రోజు, వేరే రాష్ట్రంలో హెడ్డాఫీసు ఉన్న బ్యాంకు ఇక్కడి సిబ్బందిని అడిగేది పూర్తి అనువాదం కాదు. ఏం చెయ్యమన్నారు, ఎవరికి, ఎవరు చెయ్యాలి అన్నవి ఒక్క చూపులో తెలిసే ఇంగ్లీషు పట్టిక.

మొదటి గడిలో జీవో పేరా నెంబరు ఉండాలి. ఒకే వాక్యంలో రెండు మూడు ఆదేశాలుంటే వాటిని విడదీసి, అదే నెంబరుతో వేర్వేరు వరుసల్లో రాయాలి. చివర్లో నెంబర్లు సరిచూసుకుంటే వదిలేసిన పేరా ఇట్టే దొరికిపోతుంది.

ఎక్కువ పొరపాట్లు జరిగేది లబ్ధిదారు గడిలోనే. “రైతుకు 2 లక్షల వరకు మాఫీ” అని రాస్తే తప్పు. ఈ జీవోలో పరిమితి రైతు కుటుంబానికి. కుటుంబాన్ని తేల్చేది రేషన్ కార్డు. డబ్బు మాత్రం రైతు రుణఖాతాలో పడుతుంది. భర్తకు లక్షన్నర, భార్యకు 90 వేలు అప్పుందనుకుందాం. మొత్తం 2 లక్షల 40 వేలు. పైనున్న 40 వేలు వాళ్లు ముందు బ్యాంకుకు కట్టాలి, ఆ తర్వాతే 2 లక్షలు వస్తాయి. అందులోనూ మొదట మాఫీ అయ్యేది ఆడవాళ్ల పేరున ఉన్న రుణం. అందుకే ఈ గడిని రెండుగా చీల్చాలి: పరిమితి ఎవరికి, జమ ఏ ఖాతాలో. షరతులకు పక్కనే మరో గడి ఇవ్వాలి. స్వయం సహాయక సంఘాల రుణాలకు ఈ మాఫీ వర్తించదు. ఇలాంటి మినహాయింపు అక్కడ కనబడకపోతే పట్టిక మొత్తం తప్పుదారి పట్టిస్తుంది.

తేదీలతో కూడా జాగ్రత్త. 12-12-2018 నుంచి 09-12-2023 మధ్య తీసుకున్న లేదా రెన్యువల్ చేసిన పంట రుణాలే లెక్కలోకి వస్తాయి. అమెరికా పద్ధతిలో సెట్ చేసిన ఎక్సెల్ రెండో తేదీని సెప్టెంబరు 12గా మార్చేస్తుంది. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఆ బెడద ఉండదు.

ఇక అమలు చేసేవాళ్లు. పథకాన్ని అమలు చేసే అధికారి వ్యవసాయ శాఖ డైరెక్టరు. ఐటీ పని హైదరాబాద్ ఎన్ఐసీది. నోడల్ అధికారిని నియమించుకోవాల్సింది ఒక్కో బ్యాంకు. ఈ ముగ్గురినీ “శాఖ” అన్న ఒక్క గడిలో కుక్కితే తన వంతు పనేమిటో హెడ్డాఫీసుకు అర్థం కాదు. జీవో అడుగున “ప్రతులు” కింద ఉన్న పేర్లనూ ఇందులో చేర్చకూడదు. ప్రతి అందినంత మాత్రాన అమలు బాధ్యత రాదు.

చెయ్యాలి అని ఉండి, ఎవరు అన్నది లేని వాక్యాలు ఏ జీవోలోనైనా తగులుతాయి. అక్కడ ఊహించి పేరు నింపడం కన్నా “జీవోలో చెప్పలేదు” అని ఇంగ్లీషులో రాసి, నోడల్ అధికారి ద్వారా వ్యవసాయ శాఖను రాతపూర్వకంగా అడగడం మేలు. జవాబు వచ్చేదాకా ఆ గడి అలాగే ఉండాలి.