ఓడిన పాత్ర కీళ్లలో వణుకు

వీడియోగేములో దెబ్బతిన్న శత్రువు కుప్పకూలడానికి రెండు దారులున్నాయి. మొదటిది, యానిమేటర్ ముందే తయారుచేసి పెట్టిన కదలిక. దానితో పాత్ర ఎక్కడైనా ఒకే తీరుగా పడుతుంది. మెట్ల మీద చనిపోతే సగం శరీరం గాలిలో చదునుగా నిలిచిపోతుంది. రెండోది, ప్రాణం పోయిన క్షణంలో యానిమేషన్‌ను ఆపేసి, శరీరాన్ని గురుత్వాకర్షణకూ తాకిడికీ వదిలేయడం. అప్పుడది మెట్టుమెట్టుకూ తగులుతూ జారి, ఎక్కడ ఆనితే అక్కడ ఆగుతుంది. గుడ్డబొమ్మలా వాలిపోతుంది కనుక ఈ పద్ధతికి రాగ్‌డాల్ అని పేరు.

1998లో వచ్చిన ‘జురాసిక్ పార్క్: ట్రెస్‌పాసర్’ ఈ పద్ధతిని వాడిన తొలి గేముల్లో ఒకటి. 2000లో విడుదలైన ‘హిట్‌మ్యాన్: కోడ్‌నేమ్ 47’లో ఆటగాడు శవాన్ని కాలు పట్టుకుని ఈడ్చుకెళ్లగలడు. ఆ గేముకు భౌతికశాస్త్ర విభాగం రాసిన థామస్ యాకబ్సన్ 2001లో తన పద్ధతిని ఒక వ్యాసంలో వివరించాడు. శరీరమంటే కొన్ని బిందువులు, వాటి మధ్య పొడవు మారని కర్రలు. ఒక కర్ర పొడవు సరిచేస్తే పక్క కర్ర పొడవు కాస్త చెడుతుంది. దాన్ని సరిచేస్తే మరొకటి చెడుతుంది. అయినా అన్నింటినీ వరుసగా, పదేపదే సరిచేస్తూ పోతే లోపం తగ్గుతూ వస్తుంది. ఆ సర్దుబాటు పూర్తికాకముందే తెర మీద తర్వాతి బొమ్మ వేయాల్సి వస్తుంది. వణుకు పుట్టేది ఈ అసంపూర్తి సర్దుబాటులోనే.

ఇప్పటి ఇంజిన్లలో బిందువులకు బదులు బరువూ ఆకారమూ ఉన్న ముక్కలుంటాయి. ఉదాహరణకు యూనిటీలోని రాగ్‌డాల్ సాధనం మనిషిని 11 ముక్కలుగా చేస్తుంది: కటి, ఛాతీ, తల, రెండు తొడలు, రెండు పిక్కలు, రెండు పైచేతులు, రెండు ముంజేతులు. అరచేయి ముంజేతిలో, పాదం పిక్కలో కలిసిపోతాయి. ముక్కల మధ్య 10 కీళ్లు. ప్రతి కీలుకూ ఎంతవరకు వంగవచ్చో ఒక హద్దు ఉంటుంది. మోకాలు వెనక్కి మాత్రమే మడవాలి, తల భుజాన్ని దాటి వెనక్కి తిరగకూడదు. హద్దులు లేని రాగ్‌డాల్ ఎముకలు లేని మూటలా పడుతుంది, చూసేవారికి నవ్వొస్తుంది. హద్దులు తప్పుగా పెట్టిన రాగ్‌డాల్ నేల మీద పడ్డాక కూడా గిలగిలా కొట్టుకుంటుంది. రెండోదే పెద్ద లోపం. చనిపోయిన పాత్ర కదులుతూ ఉంటే ఆటగాడు అది ఇంకా బతికే ఉందనుకుని మళ్లీ కాలుస్తాడు.

ఆ కొట్టుకోవడం ఎలా మొదలవుతుందో ఒక మోకాలిలో చూడవచ్చు. ఒక కాపలాదారు గోడ చాటున గొంతుక్కూర్చుని ఉన్నాడు. యానిమేషన్‌లో అతని మోకాలు 120 డిగ్రీలు వంగి ఉంది. రాగ్‌డాల్ తయారుచేసినవారు మాత్రం మోకాలి హద్దును 80 డిగ్రీల దగ్గర ఉంచారు. అతను నిలబడి ఉండగా గుండు తగిలితే ఏ ఇబ్బందీ లేదు. కూర్చుని ఉండగా తగిలితే, యానిమేషన్ ఆగిన మరుక్షణమే మోకాలు హద్దుకు 40 డిగ్రీలు అవతల ఉంటుంది. యూనిటీలో భౌతిక లెక్క మామూలుగా సెకనుకు 50 సార్లు, అంటే 0.02 సెకన్లకు ఒకసారి నడుస్తుంది. ఆ 40 డిగ్రీలనూ ఒకే లెక్కలో సరిచేయబోతే కాలు సెకనుకు 2000 డిగ్రీల వేగంతో విచ్చుకోవాలి. పిక్క నేలను తన్నుతుంది, నేల తిరిగి నెడుతుంది, కటి పైకి లేస్తుంది, శవం ఎగిరిపడుతుంది.

దీనికి మందు హద్దును విశాలం చేయడమే. మనిషి మోకాలు నిజానికి 135 డిగ్రీల దాకా మడుస్తుంది. కాబట్టి మొదట పాత్రకున్న యానిమేషన్లన్నీ నడిపి, ఒక్కో కీలు ఎంతెంత దూరం వెళ్తోందో రాసుకుని, హద్దును అంతకంటే కొంచెం బయట ఉంచాలి. వైద్యగ్రంథంలోని కొలత కంటే ఆ గేములోని కదలికల కొలతే ఇక్కడ ప్రమాణం. హద్దు దేన్నుంచి లెక్కిస్తారో కూడా గుర్తుంచుకోవాలి. కీలును తగిలించినప్పుడు పాత్ర ఏ భంగిమలో ఉందో అదే సున్నా. చేతులు చాచి నిలబడిన మూల భంగిమలో కాక, నడుస్తున్న భంగిమలో కీళ్లు తగిలిస్తే అంకెలన్నీ పక్కకు జరిగిపోతాయి.

రెండో రకం వణుకు మరీ సన్నని హద్దుల వల్ల వస్తుంది. మోకాలు పక్కకు అసలు ఊగకూడదు. కానీ ఎందుకైనా మంచిదని అక్కడ 1 డిగ్రీ ఇస్తుంటారు. ఆ ఇరుకు సందులో పిక్క ఈ గోడకు తగిలి వెనక్కి వస్తుంది, వచ్చీరాగానే ఆ గోడకు తగులుతుంది. ప్రతి లెక్కలోనూ ఏదో ఒక హద్దు దాటే ఉంటుంది. అలాంటి దిశను సున్నా చేసి పూర్తిగా బిగించాలి, లేదా 5 నుంచి 15 డిగ్రీల దాకా వదలాలి. రెంటికీ నడుమ పెట్టడమే తప్పు. తుంటి, భుజం వంటి కీళ్లలో హద్దు రాతిగోడలా కాక పరుపులా ఉంటే మేలు. హద్దు దాటాక ఒక స్ప్రింగ్ మెల్లగా వెనక్కి తెస్తుంది, దాని ఊపును డ్యాంపర్ మింగేస్తుంది. డ్యాంపర్ లేని స్ప్రింగ్ ఊగులాటను పెంచుతుంది కాబట్టి రెండూ కలిపే వాడాలి.

హద్దులు సరిగానే ఉన్నా శరీరం వణుకుతుంటే బరువులు చూడాలి. నిజమైన మనిషిలో మొండెం బరువు అరచేతికి కొన్ని పదుల రెట్లు. అదే నిష్పత్తిని గేములో పెడితే లెక్క తట్టుకోదు. కలిసి ఉన్న రెండు ముక్కల్లో ఒకటి మరోదానికి రెండింతలైతే ఫరవాలేదు, పదింతలైతే వణుకు మొదలుకావచ్చు. అందుకే రాగ్‌డాల్‌లో చేతులను నిజానికంటే బరువుగా, మొండాన్ని నిజానికంటే తేలికగా ఉంచుతారు. ఇది అబద్ధమే అయినా కంటికి ఆనదు.

ఏ కారణమో కనుక్కోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. శవాన్ని గాలిలో ఉంచి గురుత్వాకర్షణను సున్నా చేయాలి. అప్పుడూ వణికితే నేలతో సంబంధం లేదు. కీళ్లే ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయి, లేదా రెండు తొడల ఆకారాలు ఒకదానిలో ఒకటి దిగబడి నెట్టుకుంటున్నాయి. వణుకు ఆగిపోతే నేలకూ హద్దుకూ మధ్య ఏదో ఒక అవయవం ఇరుక్కుంటోందని అర్థం. తర్వాత హద్దులను ఒక్కొక్కటే తీసేస్తూ పోవాలి. ఏది తీసినప్పుడు శరీరం నిశ్చలమైందో ఆ కీలులోనే తప్పుంది. ఇవన్నీ చూశాకే లెక్కను పదేపదే చేసే సంఖ్యను, యూనిటీలో `Default Solver Iterations` అనేదాన్ని, 10 నుంచి 20 వరకు పెంచాలి. ముందే పెంచేస్తే తప్పు దాగుతుంది తప్ప పోదు, ప్రతి శవానికీ ప్రాసెసర్ మీద భారం కూడా పెరుగుతుంది.

సరిగా అమర్చిన శరీరం పడిన కొద్దిసేపటికే దాని కదలిక ఒక మోతాదు కంటే తగ్గిపోతుంది. అప్పుడు ఇంజిన్ దాన్ని నిద్రపుచ్చి, దాని లెక్కలు మానేస్తుంది. ఒక్క ముంజేయి అదురుతున్నా, దానికి కట్టిన మిగతా 10 ముక్కలూ మేలుకునే ఉంటాయి.