ఒక్క ఉతుక్కి ఎంత పడుతోంది?

సర్ఫ్ మన దేశంలోకి వచ్చింది 1959లో. పదేళ్ల తర్వాత, 1969లో, అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి దగ్గరే పొడి కలుపుకుని, సైకిల్ మీద వీధి వీధీ తిరిగి నిర్మా అమ్మడం మొదలుపెట్టాడు. ధరలో సర్ఫ్ దాని దరిదాపుల్లో కూడా లేదు. అమ్మకాలు జారిపోతున్న ఆ కంపెనీ చివరికి టీవీలోకి లలితాజీని దింపింది. నీలం అంచు తెల్లచీరలో కూరగాయల బేరమాడే ఆ గృహిణి వాదన ఒక్కటే: కిలో ధర చూసి మోసపోవద్దు, అర కిలో సర్ఫ్ కిలో చవక పొడి చేసే పని చేస్తుంది. అది నిజమా కాదా అన్నది పక్కన పెడితే, లెక్క వేయాల్సిన తీరు మాత్రం అదే. కిలోకి ఎంత అని కాదు, ఒక్క ఉతుక్కి ఎంత అని.

ఇప్పుడు సూపర్ మార్కెట్ అరలో పొడి పక్కన లిక్విడ్, దాని పక్కన పారదర్శకమైన పాడ్‌లు. ఒకటి కిలోల్లో, ఒకటి లీటర్లలో, ఒకటి లెక్కన. నేరుగా పోల్చుకోవడానికి వీల్లేకుండానే ఉంటాయి మూడూ. అందుకని ఒక ఇంటిని ఊహించుకుందాం. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, నలుగురు మనుషులు, ఆరున్నర కిలోల టాప్ లోడ్ మెషీన్, నెలకు పదహారు ఉతుకులు. మెషీన్ పొడి కిలో 220 రూపాయలు, లిక్విడ్ లీటరు 200, ఇరవై పాడ్‌ల డబ్బా 440 అనుకుందాం. బ్రాండును బట్టి, ఆఫర్లను బట్టి ఈ ధరలు మారతాయి. ఎవరి ప్యాకెట్ మీది ధర వాళ్లు వేసుకోవచ్చు.

ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం నిండు డ్రమ్ముకు 80 గ్రాముల పొడి వేస్తే పదిహేడు రూపాయల అరవై పైసలు. 60 మిల్లీలీటర్ల లిక్విడ్ పోస్తే పన్నెండు. పాడ్ ఒక్కటి వేస్తే ఇరవై రెండు. నెల తిరిగేసరికి పొడికి దాదాపు 282, లిక్విడ్‌కి 192, పాడ్‌కి 352. ఇంతవరకూ చూస్తే లిక్విడ్ గెలిచినట్టే.

కానీ ఇళ్లలో జరిగేది వేరు. లిక్విడ్ సీసా మూతను ఒకసారి వెలుతురుకి ఎత్తి చూస్తే లోపల సన్నటి గీతలు కనిపిస్తాయి. మూత రంగులోనే ఉండే ఆ గీతల్ని నీలం ద్రవం కాస్త తగలగానే ఇక గుర్తుపట్టలేం. పై గీతకూ మూత అంచుకూ మధ్య చాలా జాగా ఉంటుంది. చెయ్యి అలవాటు కొద్దీ అంచు దాకా నింపేస్తుంది. అరవై పోయాల్సిన చోట వంద పడితే ఉతుకు ఖర్చు ఇరవై రూపాయలు, నెలకు 320. అంటే పాడ్‌కి దగ్గర దగ్గర. మూతను నమ్ముకోవడం కన్నా, దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న కొలత కప్పును కడిగి బాత్రూమ్‌లో పెట్టుకోవడం మేలు. పొడికైతే వంటింటి త్రాసు మీద ఒక్కసారి తూచి, చెంచాకి ఎన్ని గ్రాములు పడుతున్నాయో గుర్తుపెట్టుకుంటే చాలు. గోపురంలా తీసిన చెంచాకీ అంచుతో సమంగా గీసిన చెంచాకీ మధ్య తేడా చూసి చాలామంది నోరెళ్లబెడతారు.

పాడ్‌లో ఈ బెడద లేదు. దాని గొప్పా అదే, దాని లోటూ అదే. కంపెనీ కొలిచి పెట్టింది కాబట్టి ఎక్కువ పడదు, తక్కువా పడదు. స్కూలు యూనిఫారాలు, రెండు తువ్వాళ్లు కలిపి మూడు కిలోల బట్టలే ఉన్న రోజున 50 గ్రాముల పొడితో పదకొండు రూపాయల్లో, 40 మిల్లీలీటర్ల లిక్విడ్‌తో ఎనిమిది రూపాయల్లో పని అయిపోతుంది. పాడ్ మాత్రం అప్పుడూ ఇరవై రెండే. సగానికి కోద్దామంటే కుదరదు. నీళ్లు తగిలితే కరిగే పాలీవినైల్ ఆల్కహాల్ పొర అది, కత్తెర పెడితే లోపలిదంతా చేతి మీదికి వస్తుంది.

ఇక మురికి సంగతి. మూడింటిలోనూ మురికిని బట్ట నుంచి లాగే సర్ఫాక్టెంట్లు ఉంటాయి. తేడా వాటికి తోడుగా వచ్చే సరుకులో ఉంది. పొడిలో సోడా ఉంటుంది, అదే చాకలి సోడా. పూర్వం రజకులు చౌడు మట్టితో బట్టలు ఉడకబెట్టినప్పుడు పని చేసిందీ ఆ క్షారమే. దానికి తోడు మంచి పొడుల్లో నీటిలోని కాల్షియాన్ని పట్టేసుకునే జియోలైట్ వంటివి, కొన్నింటిలో ఆక్సిజన్ బ్లీచ్ కూడా ఉంటాయి. ఈ బ్లీచ్ నీళ్లలో నిలవ ఉండదు, మెల్లగా విచ్చిపోతుంది. అందుకే మామూలు లిక్విడ్ సీసాలో దాన్ని పెట్టలేరు. తెల్లచొక్కాలు, దుప్పట్లు, ఎర్రమట్టి అంటిన పిల్లల సాక్సులు పొడితో బాగా తేలడానికి కారణం ఇదే. జర్మనీలో వినియోగదారుల తరఫున వస్తువుల్ని పరీక్షించే స్టిఫ్టుంగ్ వారెంటెస్ట్ సంస్థ పరీక్షల్లోనూ మరకలు, తెలుపు విషయంలో మంచి పొడులే తరచూ ముందుంటాయి. అయితే అక్కడ గోరువెచ్చని, వేడి నీళ్లలో ఉతుకుతారు. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ బ్లీచ్ సగం నిద్రలోనే ఉంటుంది, కాబట్టి ఆ ఫలితాన్ని మన నల్లా నీళ్లకు ఉన్నదున్నట్టు అన్వయించుకోలేం.

చల్లటి నీళ్లలో లిక్విడ్‌దే పైచేయి. వెంటనే కలుస్తుంది, బట్టల మడతల్లో గడ్డలు మిగలవు, నల్లటి ప్యాంట్ల మీద తెల్లచారలు పడవు. జిడ్డు మీద దాని ప్రతాపం ఇంకా బాగా కనిపిస్తుంది. చొక్కా మీద ఆవకాయ నూనె పడిందనుకోండి, మరక మీదే చుక్క లిక్విడ్ వేసి, వేలితో రుద్ది, పది నిమిషాలు ఆగి మెషీన్‌లో వేస్తే నూనె వదులుతుంది. పొడితో ఈ పని చేయాలంటే ముందు ముద్ద కలుపుకోవాలి. పాడ్‌తో అసలు కుదరదు.

నూనె పోయాక పసుపు మిగులుతుంది. ఇక్కడే చాలామంది కంగారు పడతారు. పసుపు మరకకు పొడి తగలగానే అది ఎర్రగా మారుతుంది. బట్ట పాడైపోయిందని మళ్లీ మళ్లీ రుద్దుతారు. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది, అంతే. దాన్ని మూడింటిలో ఏదీ పూర్తిగా వదిలించలేదు. వదిలించేది ఎండ. ఉతికిన తెల్లబట్టను తడిగా ఉండగానే మధ్యాహ్నపు ఎండలో ఆరేస్తే ఆ రంగు విరిగి వెలిసిపోతుంది. ఖరీదైన పాడ్ చేయలేని పనిని డాబా మీది దండెం పైసా ఖర్చు లేకుండా చేస్తుంది.

లెక్కను తారుమారు చేసేది ఇంకొకటుంది: నీళ్లు. మంజీరా, కృష్ణా నీళ్లతో ఉతికే ఇంటికీ బోరు నీళ్లతో ఉతికే ఇంటికీ ఒకే కొలత సరిపోదు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సర్ఫాక్టెంట్‌లో కొంత భాగాన్ని మురికి దాకా వెళ్లకముందే కట్టిపడేస్తాయి. పొడిలో సోడా, జియోలైట్ ముందుగా వాటిని అడ్డుకుంటాయి. లిక్విడ్‌లో ఆ కాపలా తక్కువ. నీళ్లు ఎంత గట్టివో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక సీసాలో సగం దాకా కుళాయి నీళ్లు, మరో సీసాలో అంతే ఆర్ఓ నీళ్లు పోసి, రెండింటిలోనూ గోరంత ఒంటి సబ్బు తురిమి బాగా ఊపాలి. ఆర్ఓ సీసాలో నురగ నిలుస్తుంది. కుళాయి నీళ్లలో నురగ రాకుండా పైన తెల్లటి పెరుగు తరకల్లాంటివి తేలితే అవి గట్టి నీళ్లే. అలాంటి ఇంట్లో రంగు బట్టలకు లిక్విడ్ వాడినా, తెల్లబట్టలకు పొడి ఉండాల్సిందే. లేకపోతే ఆరు నెలల్లో బనియన్లు బూడిద రంగుకి తిరుగుతాయి.

బూడిద రంగు చూసి అమాంతం కొలత పెంచేయడం మాత్రం వేరే తిప్పలు తెస్తుంది. నురగకీ శుభ్రతకీ సంబంధం లేదు, ముఖ్యంగా ఫ్రంట్ లోడ్ మెషీన్లో. అందులో బట్టలు ఎత్తి కింద పడేయడమే ఉతుకు. నురగ ఎక్కువైతే అది దిండులా అడ్డుపడి ఆ దెబ్బ తగలనివ్వదు. చేతి ఉతుకు కోసం చేసిన కిలో డెబ్బై రూపాయల పొడి మెషీన్లో వంద గ్రాములు వేసినా ఏడు రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ దాని నురగ అణచడానికి మెషీన్ అదనంగా జాడిస్తూ నీళ్లూ కరెంటూ తాగుతుంది. డిటర్జెంట్ ఎక్కువవుతోందో లేదో తెలియాలంటే ఉతికిన తువ్వాలు ఒకటి శుభ్రమైన బకెట్ నీళ్లలో వేసి పిసకాలి. నురగ తేలితే ఆ తువ్వాల్లో మిగిలింది డబ్బు పెట్టి కొన్న సరుకే. తువ్వాళ్లు బిరుసెక్కి నీళ్లు పీల్చకపోవడానికి ఇదొక కారణం. మెషీన్ తలుపు చుట్టూ ఉండే రబ్బరులో ముక్క వాసనకీ తరచూ ఇదే మూలం.

మరి పాడ్ ఎవరికి? డాలస్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో అందరికీ కలిపి ఉన్న మెషీన్‌కి బట్టల బుట్ట మోసుకెళ్లే మన విద్యార్థికి అది హాయి. సీసా మోయక్కర్లేదు, వారానికి ఒకేసారి ఉతుకుతాడు కాబట్టి డ్రమ్మూ నిండుతుంది. పాడ్‌ని సబ్బు అరలో కాక ఖాళీ డ్రమ్ములో ముందు వేసి, దాని మీద బట్టలు వేయాలి. పదిహేను నిమిషాల క్విక్ వాష్‌లో, చల్లటి నీళ్లలో వేస్తే పొర పూర్తిగా కరక్క ఏదో చొక్కాకి జిగురులా అంటుకుంటుంది. పసిపిల్లలున్న ఇంట్లో డబ్బాను అందనంత ఎత్తున పెట్టి తీరాలి. రంగురంగుల జెల్లీ మిఠాయిలా కనిపించే ఆ పాడ్‌ని కొరికినా, చేతిలో చిట్లి కంట్లో పడినా ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే.

పట్టుచీరకు మాత్రం ఈ మూడూ వద్దు. పట్టు, ఉన్ని రెండూ ప్రొటీన్ పోగులు. మంచి డిటర్జెంట్లలో నెత్తురు, పాల మరకల్ని కొరకడానికి వేసే ఎంజైములు ఆ పోగుల్నీ కొరుకుతాయి. పొడిలోని క్షారం మరింత నష్టం చేస్తుంది. ఇంట్లో ఉతకదగ్గ పట్టుకు కుంకుడు రసమో, పట్టు బట్టలకని ప్రత్యేకంగా అమ్మే లిక్విడో వాడతారు.

ఇక రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మెషీన్ ఉన్న ఇళ్ల లెక్క వేరు. అక్కడ తెల్లబట్టలు తీశాక అదే సబ్బు నీళ్లలో రంగు బట్టలు, ఆ తర్వాత కాళ్లు తుడుచుకునే పట్టాలు వేస్తారు. మొదటి విడతకు 80 గ్రాముల పొడి వేసి, రెండో విడతకు ఇంకో 20 గ్రాములు చల్లితే, కిలో 220 రూపాయల పొడితోనే రెండు ఉతుకులూ ఇరవై రెండు రూపాయల్లో, అంటే ఒక్క పాడ్ ధరలో ముగుస్తాయి.